పెనం కుర్చీ

ఉదయగిరిలో ఖాదర్‌బీ టీచరు ఎదురింటి పిచ్చమ్మ ఈ కబురు మోసుకొచ్చింది. పిచ్చమ్మకు చెప్పింది కలిగిరి బస్సులో పక్కన కూర్చున్న గాజులామె. గాజులామెకు చెప్పింది గుండుమడుగులో గాజులు వేయించుకున్న ఒక కోడలు పిల్ల. ఇన్ని నోళ్ళు తిరిగి వచ్చేసరికి ఆ కబురుకి కాళ్ళూ చేతులే కాదు, కొమ్ములు కూడా మొలిచాయి.

"మే ఖాదర్‌బీ, గుండుమడుగు బళ్ళో నువ్వు చచ్చినోళ్ళను లేపతన్నావంట గదా! పాలెం పిల్లనొకదాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నెత్తికి గుడ్డ చుట్టి, ఎప్పుడో పోయిన పెదరెడ్డిని దాని మీదికి పిలిపిస్తన్నావంట. ఆ పిల్ల మొగ గొంతుతో గర్జిస్తా ఉండాదంట! మాజీ మునసబు అది విని అన్నం ముందర నించి లేసిపోయినాడంట."

"దయ్యం గాదు పిచ్చమ్మత్తా, సోషలు పాఠం."

"సోషలంటే పుస్తకం చదివి ప్రశ్నకు జవాబు రాయించేది గదంటే? నెత్తికి గుడ్డలెందుకు?"

"గుడ్డ చుడితే గానీ మనకు గుడ్డి వదలదత్తా," అని ఖాదర్‌బీ టిఫిను క్యారియరు చేతిలోకి తీసుకుని బస్సుకు పరుగెత్తింది. నవ్వుతూనే పరుగెత్తింది గానీ, 'అన్నం ముందర నించి లేసిపోయినాడంట' అన్న మాట మాత్రం ఆమెతోపాటు బస్సెక్కింది.

గుండుమడుగు ఉదయగిరి దుర్గానికి తూర్పున, మెట్టచేల మధ్య ఉంటుంది. ఏడో తరగతి దాకా ఉన్న బడి. నలుగురు టీచర్లు, ఒక హెడ్మాస్టరు, ఆయనకొక చేతుల కుర్చీ. మిగతా వాళ్ళందరికీ స్టూళ్ళే. ఈ కథంతా ఆ చేతుల కుర్చీ చుట్టూనే తిరుగుతుంది కాబట్టి దాన్ని ముందే చెప్పుకోవాలి.

నిరుడు ఎండాకాలం నెల్లూరులో సోషలు టీచర్లకు పదిరోజుల క్లాసులు జరిగాయి. బెంగుళూరు నుంచి వచ్చిన లెక్చరరొకాయన పుస్తకం మూసి పక్కన పెట్టి, ఒక టీచరును కుర్చీలో కూర్చోబెట్టి, "ఇప్పుడు మీరు సిపాయి. తిరుగుబాటు ఎందుకు చేశారు?" అని చుట్టూ ఉన్నవాళ్ళ చేత అడిగించాడు. సిపాయి అయినవాడు సిపాయిలాగే జవాబు చెప్పాలి. ఇంగ్లీషులో దాన్ని హాట్ సీటంటారని చెప్పాడు. మిగతా టీచర్లు టీఏ డబ్బుల కోసం చూస్తుంటే ఖాదర్‌బీ మాత్రం నోటుబుక్కులో ఆరు పేజీలు రాసుకుంది. బడికొచ్చి పిల్లలకు చెబితే, వాళ్ళు ఆ కుర్చీకి "పెనం కుర్చీ" అని పేరు పెట్టేశారు. కూర్చున్నవాడికి కింద కాలుతుందని.

ఏడో తరగతి పుస్తకంలో ధాత కరువు గురించి మూడే లైన్లున్నాయి. వెయ్యిన్ని ఎనిమిది వందల డెబ్బై ఆరులో మొదలయింది, లక్షలమంది చనిపోయారు, ప్రభుత్వం సహాయ పనులు చేపట్టింది. అంతే. ఆ మూడు లైన్లు చదివి వినిపించగానే వెనక బెంచీలోంచి, ఊరవతలి పాలెం నుంచి వచ్చే పెంచలమ్మ చెయ్యెత్తింది.

"టీచరమ్మా, మా అవ్వ చెప్తాది దాని గురించి. మన ఊళ్ళోనే భూమిలో గింజలు దాచిన పాతర పగలగొట్టినారంట ఆ కరువులో."

"పగలగొట్టలేదు," అన్నాడు ముందు బెంచీలోంచి శేషారెడ్డి. వాడు మాజీ మునసబు మాలకొండారెడ్డి మనవడు. "మా పెదరెడ్డి తాత తెరిపించినాడు. చావిడి ముందర రాయి మీద రాసుండాది, పోయి చూడు."

ఒకే ఊరు, ఒకే పాతర, రెండు మాటలు. ఖాదర్‌బీకి ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజే బోర్డు మీద రాసేసింది: "పాతర కేసు. తెరిచారా, పగలగొట్టారా? పగలగొడితే నేరమా?"

తరవాత నాలుగు వారాలు ఆ తరగతి తరగతిలా లేదు. పిల్లలు నలుగురేసి జట్లయ్యారు. ఒక జట్టు చావిడి ముందున్న రాయి మీది అక్షరాలను కాగితం పరిచి బొగ్గుతో రుద్ది అచ్చు తీసుకొచ్చింది: "ధాత సంవత్సర కరువులో పెదరెడ్డి గారు తమ పాతర తెరిపించి గ్రామమును రక్షించిరి." ఇంకో జట్టు ముసలివాళ్ళ దగ్గరికి పోయింది. ఖాదర్‌బీ నెల్లూరు లైబ్రరీ నుంచి కరువు కాలం సంగతులు రాసి తెచ్చింది. కూలి కింద మగమనిషికి రోజుకు పౌను గింజలు, అంటే అర్ధకిలో కూడా లేదు, పైన కాసింత చిల్లర ఇచ్చి రోడ్లు వేయించారని, గింజలేమో రైళ్ళలో రేవులకు తరలిపోయాయని. ఎవరు ఏం తెచ్చినా గోడ మీద అంటించారు. ప్రతి కాగితం కింద ఇది ఎవరు చెప్పారు, కళ్ళతో చూశారా విన్నారా, ఆ మాట నిలబడితే వాళ్ళకేం లాభం అని మూడు ప్రశ్నలు.

కుర్చీకి కూడా నియమాలు పెట్టుకున్నారు. కూర్చునే ముందు ఎవరుగా కూర్చుంటున్నావో చెప్పాలి. గోడ మీద రుజువు లేని మాట చెల్లదు. తెలియకపోతే "తెలవదు" అనవచ్చు, అందులో నామర్దా లేదు. దిగేటప్పుడు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి కుర్చీ మీద పెట్టి, తన సొంత పేరు చెప్పుకోవాలి. దిగినాక ఆ పాత్ర పేరుతో ఎవరూ ఎగతాళి చేయకూడదు.

ఆఖరి నియమమే ఊళ్ళో మంట పెట్టింది. ఎవరి ఇంటి సంగతి ఈ కేసులో ఉందో వాళ్ళు తమ ఇంటి పక్క నిలబడకూడదు, అవతలి పక్క నిలబడాలి. అందుకని శేషారెడ్డి పాతర పగలగొట్టిన వాళ్ళ తరఫు వకీలయ్యాడు. పాతర పగలగొట్టాడని అవ్వ చెప్పే కామయ్య వంశంలో పుట్టిన పెంచలమ్మ పెదరెడ్డి అయింది. శనివారం ఊరందరి ముందర కోర్టు పెట్టి కేసు తేల్చాలనుకున్నారు.

బుధవారం మధ్యాహ్నం హెడ్మాస్టరు ఆదినారాయణ ఆమెను పక్కకు పిలిచాడు. రిటైరవడానికి రెండేళ్ళున్న మనిషి, ఈగ వాలినా పైవాళ్ళకు లెటరు రాస్తుందేమోనని భయపడతాడు.

"టీచరమ్మా, మాలకొండారెడ్డి అసలే పుండు మీద ఉన్నాడు. జనవరిలో సర్కారు మునసబుల్ని తీసేసినప్పటి నుంచి చావిడికే రావడం లేదు. నాలుగు తరాల కొలువు! ఇప్పుడు పోయి ఆయన ముత్తాతకు పాలెం పిల్ల చేత తలపాగా చుట్టించి... శనివారం కోర్టు మానుకోండి. ఝాన్సీ లక్ష్మీబాయి వేయించండి, అందరూ చప్పట్లు కొడతారు."

"ఝాన్సీ రాణి మన ఊరికి రాలేదు గదా సార్. పెదరెడ్డి ఇక్కడే ఉండినాడు."

"మీ మంచికే చెప్తున్నా. ఆయన బావమరిది పంచాయతీ సమితిలో మెంబరు. సీతారామపురం కొండల కింద ఒక బడిలో పోస్టు ఖాళీగా ఉంది. అక్కడికి బస్సు ఒకటే, అదీ వస్తే వచ్చినట్టు."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. మొగుడు నబీ రసూల్ ఆత్మకూరు డిపోలో డ్రైవరు, రోజు మార్చి రోజు ఇంటికి వస్తాడు. మంచంలో అత్త. కొండల కిందికి వేస్తే సంసారం మూడు ముక్కలే. ఖాదర్‌బీకి అదంతా తెలుసు. తెలిసి కూడా అడిగింది:

"శనివారం మీ కుర్చీ కావాల సార్. ఇస్తారా?"

ఆదినారాయణ నెత్తి గోక్కున్నాడు. "కుర్చీ ఇస్తా. నేను మాత్రం ఆ రోజు లీవు."

గురువారం బడి వదిలేసరికి మాలకొండారెడ్డి పాలేరు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. "అయ్య మిమ్మల్ని ఇంటికాడికి రమ్మంటన్నాడు టీచరమ్మా."

"నాకు బస్సుంది. ఆయనకు మాట్లాడే పని ఉంటే శనివారం మధ్యాహ్నం రెండుకి బడికి రమ్మను. ఊరంతా వస్తుంది, ఆయనకూ చోటుంటుంది."

పాలేరు నోరు తెరిచాడు. ఆ ఇంటికి రమ్మంటే రానన్న మనిషిని వాడు పుట్టి చూడలేదు. ఈ మాటను ఎట్లా మోసుకుపోవాలో తెలియక, మధ్యదారిలో రెండుసార్లు ఆగి వెనక్కి చూశాడు.

శనివారం రెండయ్యేసరికి గదిలో ఇసుకేస్తే రాలడం లేదు. కిటికీలకు పాలెం జనం, గుమ్మంలో ఊరి జనం. పెంచలమ్మ అవ్వ రెబెకమ్మను ఇద్దరు పట్టుకుని తెచ్చి కిటికీ పక్క తిన్నె మీద కూర్చోబెట్టారు. న్యాయమూర్తి టైలరు కొడుకు షావలి. వాడి నల్ల గౌను ఖాదర్‌బీ పాత బురఖా. సుత్తికి బదులు డస్టరు. ఎడమ పక్క ఏడుగురు పిల్లలు జ్యూరీ. మన కోర్టుల్లో జ్యూరీలను ఎత్తేశారని ఖాదర్‌బీ ముందే చెప్పింది. "అయినా పెట్టుకుందాం. జడ్జి ఒక్కడే ఆలోచిస్తే మిగతావాళ్ళు నిద్రపోతారు," అంది.

ప్రాసిక్యూటరు లేచి నేరం చదివాడు: అయిదుగురికి మించిన గుంపు పెదరెడ్డి గారి జొన్నపాతరను పగలగొట్టి దోచినారు, ఇది బందిపోటుతనం.

తరవాత పెంచలమ్మ. తెల్ల తువ్వాలు తలకు చుట్టుకుని కుర్చీలో కూర్చుని, "నేను పెదరెడ్డిని," అంది. గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల అటు చూడనైనా చూడలేదు.

"మీ పాతరలో గింజలుండగా జనం ఎందుకు చచ్చిపోయినారు?" అని ఒకరు అడిగారు.

"ఎంతమందికని పెట్టేది? నా ఊరొక్కటేనా, కరువు చుట్టూ ఉండాది."

"తిండి కంటే మీకు గింజలెక్కువా?"

"అవి తిండి గింజలు గాదు. విత్తనాలు." పెంచలమ్మ కుర్చీ చేతుల మీద రెండు చేతులు ఆనించింది. "ఈ పొద్దు మీరు విత్తనాలు తింటే, రేపు వాన పడితే ఊరు ఏం చల్లుతాది? మట్టి చల్లుతాదా? చెప్పండి. ఈ ఏడాది ఆకలికి అడ్డం పడితే, వచ్చే ఏడాది ఆకలికి నేనే కారణమంటారు మీరు."

 కిటికీ దగ్గర పాలెం జనమే తలలు దించుకున్నారు. తమ పిల్ల తమకు ఎదురు మాట్లాడుతోంది, ఆ మాట కొట్టిపారేసేది కాదు.  నాలుగు వారాల కిందటి దాకా చెయ్యెత్తాలంటే వణికిన పిల్ల ఇదేనా అనుకుంది ఖాదర్‌బీ.

"విరామం లేకుండా తరవాతి సాక్షి," అన్నాడు షావలి. పెంచలమ్మ లేచి గోడ పక్కకు జరిగింది. ఆమెను మళ్ళీ పిలవాల్సి ఉంది గనక తలపాగా తీయలేదు. కుర్చీ ఖాళీ అయింది.

అప్పుడే గుమ్మంలో జనం రెండుగా చీలారు. మాలకొండారెడ్డి వచ్చాడు. మల్లు పంచె, చేతికర్ర, వెనక పాలేరు. ఎవరూ ఏమీ అనకముందే, ఎవరి వైపూ చూడకుండానే, నేరుగా నడిచి వచ్చి ఆ చేతుల కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన తప్పు కాదది. గుండుమడుగులో పది మంది చేరిన చోట ఒకే ఒక్క కుర్చీ ఉంటే అది ఎవరిదో పుట్టిన పిల్లకు కూడా తెలుసు. పెళ్ళయినా, పంచాయితీ అయినా, పీనుగు లేచే వాకిలైనా, ఆయన కాళ్ళు ఆయనను కుర్చీ దగ్గరికే తీసుకుపోతాయి. కొలువు జనవరిలో పోయింది, ఆ సంగతి కాళ్ళకు ఇంకా తెలియదు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు ఖాదర్‌బీతో. "పిలిస్తే రాకపోగా నన్నే రమ్మంటివి. వచ్చినా. ఆ పిల్ల నెత్తి మీది గుడ్డ తీయించు. జనాన్ని పంపించు."

పిల్లలందరూ టీచరు వైపు చూశారు. సీతారామపురం కొండలు కళ్ళముందు లేచాయామెకు, ఒక దాని వెనక ఒకటి.  కానీ ఆమె చూపు కుర్చీ మీద పడింది. దాని మీద కూర్చున్న మనిషి మీద పడింది.

"కోర్టు నాది కాదయ్యా," అంది. "జడ్జి గారిని అడగండి."

షావలి ముఖంలో నెత్తురు లేదు. అయినా వాడు డస్టరు ఎత్తి బల్ల మీద కొట్టాడు. సుద్దపొడి లేచింది. "ఈ కుర్చీలో కూర్చున్నోళ్ళు ప్రశ్నలకు జవాబు చెప్పాల. అది నియమం. మీరు... మీరు ఎవురుగా కూర్చున్నారో చెప్పండి."

రెడ్డికి కోపం రావలసింది. నవ్వొచ్చింది. ఎదురుగా బురఖా కప్పుకున్న జడ్జి, చుట్టూ ఊరు ఊరంతా. ముత్తాత గొప్ప చెప్పుకోవడానికి ఇంతమంది మళ్ళీ ఎప్పుడు దొరుకుతారు?

"ఎవురుగానేందిరా! పెదరెడ్డి మునిమనవణ్ణి. ఆయన మాటే నా మాట. అడగండి, ఏం అడగతారో. ఆ పిల్లకేం తెలుసు, నాకు తెలుసు."

ఖాదర్‌బీ వెనక్కి రెండడుగులు వేసి గోడకు ఆనుకుంది. ఈ ఆటలో టీచరు చేయవలసిన కష్టమైన పని అదే: నోరు మూసుకోవడం.

వకీలు లేవాలి. వకీలు శేషారెడ్డి.  తాత వాణ్ణి చూసి కళ్ళెగరేశాడు, 'నువ్వా!' అన్నట్టు. వాడు కాగితం మీదికి చూసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యా," అన్నాడు. ఇంట్లో తాతా అనే నోరు. "పాతర తెరిచింది ఎవురు?"

"మా పెదరెడ్డి. పట్టపగలు, డప్పు కొట్టించి, ఊరందరినీ పిలిపించి తెరిపించినాడు."

"పాతర ఎట్లా తెరుస్తారు? జ్యూరీకి చెప్పండి."

రెడ్డి వెనక్కి వాలాడు. ఇది ఆయనకు ఇష్టమైన సంగతి. "ఎట్లా పడితే అట్లా తెరిచేది గాదురా. పాతరలో ఆవిరి ఉంటాది, పాములాంటిది. మూతబండ తీసి ఒక పగలు, ఒక రాత్రి వదిలెయ్యాల. మర్నాడు తాడుకు దీపం కట్టి దించాల. దీపం ఆరిందా, ఇంకో పూట ఆగాల. ఆరకపోతే అప్పుడు మనిషి దిగాల. నీకు చెప్పిందే గదరా ఇదంతా?"

"చెప్పినారు. పెదరెడ్డి గారికి ఈ పద్ధతి తెలుసా?"

"బలే వాడివే! ఆయన నేర్పితేనే గదా మాకొచ్చింది."

"ఆ పొద్దు పాతరలో ఎవురన్నా చచ్చిపోయినారా?"

రెడ్డి గడ్డం గోక్కున్నాడు. కిటికీలో రెబెకమ్మ ముసలి ముఖం కనబడింది. "చచ్చినాడొకడు. కామయ్యని. రెండు గంపలు పైకిచ్చి మూడోది ఇయ్యలేదు. అది మా పెదరెడ్డి తప్పెట్లవతాది? వాడే తొందరపడి దిగినాడు."

జ్యూరీలో ఒక పిల్ల పెన్సిలు కింద పడేసుకుంది. గోడ మీద రెబెకమ్మ అవ్వ మాటగా అంటించిన కాగితంలో ఇవే ముక్కలున్నాయి: రెండు గంపలు, మూడోది రాలేదు. అవ్వ మాట ఒక్కటే రుజువు కింద నిలబడుతుందా లేదా అని ఆ పిల్లలు రెండు వారాలు కొట్టుకున్నారు. ఇప్పుడు అదే మాట అవతలి ఇంటి నోటి నుంచి వచ్చింది.

శేషారెడ్డి ఒక అడుగు ముందుకు వేశాడు. 

"డప్పు కొట్టించి అందర్నీ పిలిచి, మూత తీసి ఒక పగలు ఒక రాత్రి ఆగి, దీపం దించి చూసి తెరిచిన పాతరకాడ తొందర ఎవురికి అయ్యా?"

రెడ్డి కర్రను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. 

"ధర్మానికి తెరిస్తే వాడు ఆవిరిలోకి ఎందుకు దిగుతాడు? పట్టపగలు అంతమంది మనుషులుంటే ఎవురూ ఆపలేదా?"

 

"తెలవదని చెప్పొచ్చు," అన్నాడు షావలి, చాలా మెల్లగా. "నియమం ఉండాది. అందులో నామర్దా లేదు."

మాలకొండారెడ్డి మునసబుగా ముప్పై రెండేళ్ళు చేశాడు. ఊళ్ళో ఎవరి గొడ్డు ఎవరి చేలో పడిందో, ఎవరి గట్టు ఎవరు జరిపారో, తెలియదన్న మాట ఆ నోట ఎన్నడూ రాలేదు. ఇప్పుడూ రాలేదు. కర్ర నేలకు తాటించి లేచి నిలబడ్డాడు.

"సాక్ష్యం అయిపోయింది," అన్నాడు షావలి. "జ్యూరీ పోవచ్చు."

ఏడుగురు పిల్లలు వరండాలోకి పోయారు. మునసబు పోలేదు. ఇప్పుడు గుమ్మం దాటితే ఓడిపోయి పోయినట్టు. మళ్ళీ కుర్చీలో కూర్చుంటే ఇంకొకడు లేచి అడుగుతాడు. అందుకని నిలబడే ఉన్నాడు. పక్కన కుర్చీ ఖాళీగా ఉండగా ఆ ఇంటి మనిషి నిలబడి ఉండటం గుండుమడుగులో అదే మొదలు.

పది నిమిషాలు. వరండాలో వాదన గదిలోకి వినబడుతూనే ఉంది. "విత్తనం సంగతి?" "ఆకలి సంగతి?" "నువ్వు నోరు ముయ్యి, దాన్ని చెప్పనీ." తరవాత వచ్చి నిలబడ్డారు. జ్యూరీకి పెద్దగా ఎన్నుకున్న మస్తాన్‌బీ కాగితం చదివింది.

"ఒకటి. పాతర తెరిచినారా, పగలగొట్టినారా? పగలగొట్టినారు. ఏడుగురం ఒకే మాట. కారణం: తెరిచే పద్ధతి తెలిసిన ఇంట్లో తెరిస్తే కామయ్య చావడు. రెండు. నేరమా? అయిదుగురం నేరమే గానీ శిక్ష వద్దన్నాము. ఇద్దరు శిక్ష వెయ్యాలన్నారు, విత్తనం పోయిందని. వాళ్ళ మాటా రాసినాము. మూడు. రాయి మీద రాసింది నిజమా? సగం నిజం. ఆ గింజలు తిని ఊరు బతికింది నిజం. తెరిపించిరి అన్నది అబద్ధం."

షావలి డస్టరు కొట్టాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చప్పట్లు కొట్టే మాట కాదది.

"అయిందా?" అన్నాడు రెడ్డి. గొంతు చావిడిలో ఉన్నట్టే గట్టిగా ఉంది. "పిల్లకాయల చేత మా ఇంటిని నిలేయిస్తివి. నా మనవడి చేతనే. సరే. సోమవారం ఆర్డరు వస్తాది నీకు, కొండ కిందికి. అక్కడ కోతులతో కోర్టు పెట్టుకో."

"ఆర్డరు వస్తే పోతానయ్యా," అంది ఖాదర్‌బీ.  "అక్కడి పిల్లలకూ అవ్వలుంటారు. ఈ కాగితాలు మాత్రం ఈ గోడ మీదే ఉంటాయి. అవి వీళ్ళవి."

"నూరేళ్ళ నాటి సంగతి!" రెడ్డి జనం వైపు తిరిగాడు. "ఇప్పుడు పగలగొట్టినారని తేల్చి ఏం సాధించినారు? మా ముత్తాత ఎముకల్ని జైల్లో వేస్తారా? కామయ్య లేసొస్తాడా? ఈ తీర్పుతో ఎవురికేం కావాలంటరా? చెప్పండి!"

 గోడ పక్క నుంచి పెంచలమ్మ నడిచి వచ్చింది. ఇంతసేపూ ఆమె తల మీది తలపాగా అట్లాగే ఉంది. కుర్చీ ముందర నిలబడి, నెమ్మదిగా దాన్ని విప్పి, నాలుగు మడతలు పెట్టి, కుర్చీలో పెట్టింది. నియమం ప్రకారం పేరు చెప్పింది.

"నేను పెదరెడ్డిని గాదు. కామయ్య ఇంటి పెంచలమ్మను." రెడ్డి ముఖంలోకి చూసింది. "చావిడి ముందర రాయికి వెనక పక్క ఖాళీగా ఉండాది. మా కామయ్య పేరు ఎప్పుడు చెక్కిస్తారు?"